బూడిద తగువు ఒక్క పూటలో తేలింది, కుడితి తగువు రెండేళ్లు నడిచింది: కోస్ సిద్ధాంతం మీద ఒక కేస్ స్టడీ

నేను విజయనగరంలో ప్లీడరుని. ముందు చదివింది ఎం.ఏ. ఎకనామిక్స్, తర్వాత లా. అందుకే కోర్టు దాకా రాకుండా తేలిపోగలిగిన తగువులు కొన్ని నా దగ్గరికి వస్తుంటాయి. ఇక్కడ రాస్తున్నవి రెండు తగువులు. మిల్లు ఒకటే, మధ్యవర్తి ఒకడే, లెక్క వేసిన తీరూ ఒకటే. మొదటిది ఒక్క మధ్యాహ్నంలో సర్దుకుంది. రెండోది నా చేతుల్లోనే చెడిపోయింది. ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ ఏం చెప్పాడో మొదటి తగువు చూపిస్తుంది. చాలామంది ఆయన చెప్పాడనుకునేది ఎక్కడ చెల్లదో రెండోది చూపిస్తుంది. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. అంకెలు కాస్త గుండ్రం చేశాను.

మిల్లు బొబ్బిలి వైపు. ఉప్పుడు బియ్యం చేస్తారు. రోజుకి 20 టన్నుల ధాన్యం నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడతారు. బాయిలర్‌కి ఊకే వంటచెరకు. ధాన్యం బరువులో సుమారు ఐదో వంతు ఊక, కాల్చిన ఊకలో మళ్లీ ఐదో వంతు దాకా బూడిద. పొగగొట్టానికి సైక్లోన్ ఉంది. అది గరుకు బూడిదని గుండ్రంగా తిప్పి కిందకి దించుతుంది, సన్న బూడిదని వదిలేస్తుంది. ఆ సన్న బూడిద గాలివాటున వెళ్లి పడేది పక్కనున్న ఒక అప్పడాల కళ్లంలో. మిగతా మూడు వైపులా పొలాలే.

కళ్లం నడిపేది ఒక పెద్దావిడ. ఎనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తారు. నేను వెళ్లిన రోజు ఒక అప్పడం తీసి నా అరచేతిలో పెట్టింది. మిరియం పొడి అనుకున్నాను. వేలితో రాస్తే నల్లగా సాగింది. "ఇది నూనిలో ఏస్తే సేదొస్తాది బాబూ. కొట్టువాడు తిప్పి కొట్టీసినాడు" అంది. తిప్పి పంపిన సరుకు, ఆరబెట్టకుండా ఆపేసిన రోజుల కూలీ కలిపి ఏడాదికి ఆమె నష్టం 90,000 రూపాయలు తేలింది.

మార్గాలు మూడు కనిపించాయి. మిల్లు సైక్లోన్ తర్వాత గుడ్డ సంచుల ఫిల్టర్ పెట్టడం ఒకటి. వాయిదాలు, కరెంటు, సంచుల మార్పిడి అన్నీ కలిపి ఏడాదికి 60,000. కళ్లం మీద ఇనుప చట్రానికి పాలిథిన్ కప్పు వేసి ఎండ పడే పాక కట్టడం ఇంకొకటి. ఆ లెక్కనే ఏడాదికి 35,000. ఏమీ చేయకపోవడం మూడోది, దాని ఖరీదు 90,000. అందరి జేబులూ ఒకే జేబు అనుకుంటే పాకే చవక.

నేను ఆ మాట అనగానే ఆవిడ లేచి నిలబడింది. "బూడిద ఆడిది, పాక నేనెయ్యాలా? ఇదేటి నాయం ప్లీడరు బాబూ?"

న్యాయమైన ప్రశ్న. కానీ అందులో ప్రశ్నలు రెండున్నాయి. పాక వేయాలా ఫిల్టర్ పెట్టాలా అన్నది ఒకటి. డబ్బు ఎవరు పెట్టాలి అన్నది రెండోది. ఈ రెండూ విడదీసి చూడొచ్చని గట్టిగా చెప్పినవాడు కోస్. 1960లో సామాజిక వ్యయం మీద ఆయన రాసిన వ్యాసంలో 1879 నాటి లండన్ కేసు ఒకటి వస్తుంది. ఒక మిఠాయి తయారీదారు రోకళ్ల చప్పుడు, పక్కింటి డాక్టరు కొత్తగా కట్టుకున్న పరీక్ష గదిలోకి వినపడేది. డాక్టరు కోర్టుకెళ్లి గెలిచాడు. కోస్ అన్నదేమిటంటే, వాళ్లిద్దరూ ఖర్చు లేకుండా బేరమాడుకోగలిగితే ఎవరు గెలిచినా చివరికి ఆ స్థలం ఎక్కువ విలువిచ్చే పనికే పోతుంది. తీర్పు వల్ల మారేది డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తుందన్నదే. దీన్ని సిద్ధాంతం అని పిలిచింది కోస్ కాదు, మరో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్, 1966లో. ఆ పేరు వల్ల మంచి కంటే చెడే ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం. ఎందుకో రెండో తగువులో తెలుస్తుంది.

దీన్ని మన కళ్లం మీద పెట్టి చూద్దాం. శుభ్రమైన గాలి ఆవిడ హక్కు అనుకోండి. మిల్లు ఫిల్టర్ పెడితే 60,000 పోతుంది. దానికి బదులు పాక వేయించి, పైన కొంత ముట్టజెప్పి ఆవిణ్ణి ఒప్పిస్తే అంతకంటే తక్కువలో పోతుంది. పాకే వస్తుంది. ఇప్పుడు తిరగేసి, పొగ వదలడం మిల్లు హక్కు అనుకోండి. ఆవిడ 90,000 పోగొట్టుకునే కంటే 35,000 పెట్టి పాక వేసుకుంటుంది. మళ్లీ పాకే. హక్కు అటు ఉన్నా ఇటు ఉన్నా కళ్లం మీదకి వచ్చేది పాకే, బిల్లు మాత్రం చేతులు మారుతుంది. నష్టానికి కారణం మిల్లు ఒక్కటే అనుకుంటే ఈ చవక దారి మనకి తట్టదు. మిల్లు లేకపోతే బూడిద లేదు, నిజమే. కళ్లం అక్కడ లేకపోతే నష్టమూ లేదు. ఈ రెండో వాక్యం వినడానికి చేదుగా ఉంటుంది, లెక్కకి మాత్రం అవసరం.

ఒక మడత పేచీ ఇక్కడే ఉంది. ఆవిడే పాక వేసుకోవాల్సి వస్తే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తుంది? నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 24 శాతం. మిల్లు యజమాని షావుకారుకి బ్యాంకు వాళ్లు అందులో సగానికే ఇస్తారు. కాబట్టి అదే పాక ఆవిడ చేతిలో 35,000 కాదు, ఇంకా ఎక్కువ. తేడా మరీ పెద్దదైతే హక్కు ఎవరిదన్నది ఫలితాన్నే మార్చేస్తుంది. ఇక్కడ 90,000కి 35,000కి మధ్య దూరం చాలా ఉంది కాబట్టి మారలేదు.

షావుకారు, ఆవిడ, నేను, ఆమె కొడుకు మిల్లు ఆఫీసులో కూర్చున్నాం. రెండుసార్లు టీ వచ్చింది. చట్టం పరంగా ఆవిడ వైపు బలం ఉందని ఇద్దరికీ తెలుసు. పాక మిల్లు ఖర్చుతో, పైన ఏడాదికి 10,000 ఆవిడకి. మిల్లుకి మొత్తం 45,000. ఫిల్టర్ కంటే 15,000 మిగులు. స్టాంపు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టారు. నా ఫీజు, టీలు, స్టాంపు పేపరు అన్నీ కలిపితే బేరం ఖర్చు 4,000 దాటలేదు.

ఇదంతా ఎందుకు కుదిరిందో అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇద్దరే మనుషులు. నష్టం కంటికి కనబడుతోంది, చేత్తో రాస్తే అంటుకుంటోంది. కళ్లం ఆవిడ సొంత పట్టా. పొగగొట్టం ఒక్కటే. మాట తప్పితే మర్నాడు పొద్దున్నే తెలిసిపోతుంది. ఇవన్నీ కలిసి రావడం నా నేర్పు కాదు, అదృష్టం.

ఆరు నెలల తర్వాత షావుకారు ఫోన్ చేశాడు. "ప్లీడరు గారూ, అప్పడాల గొడవ ఒక్క పూటలో తేల్చేశారు కదా, ఇంకోటి ఉంది, అదీ తేల్చేయండి."

ఇంకోటి అంటే నానబెట్టిన నీళ్లు. కిలో ధాన్యానికి సుమారు లీటరు నీళ్లు బయటికి పోతాయి. రోజుకి 20 టన్నులంటే 20,000 లీటర్ల పైమాటే. చల్లటి నీళ్లలో ఒకటి రెండు రోజులు ధాన్యం నానితే పిండి, చక్కెరలు నీళ్లలోకి దిగి పులుస్తాయి. ఆ వాసన అర కిలోమీటరు దాకా కొడుతుంది. ఊళ్లో దానికి "మిల్లు కుడితి" అని పేరు పెట్టారు, పశువులు కూడా ముట్టవని నవ్వుతూ. ఆ కుడితి పంటకాలువలో పడి పంచాయతీ చెరువులోకి దిగేది.

విషం కాదు అది, తిండే. అదే చిక్కు. చెరువులో సూక్ష్మజీవులు ఆ తిండి తింటూ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ వాడేసుకుంటాయి. చేపలకి మిగలదు. వరికి కూడా, నిలవ నీటిలో పులిసిన సరుకు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, తూము కింద చివరి మళ్లు పసుపుకి తిరుగుతాయి.

లెక్క వేశాను. చేపల నష్టం ఏడాదికి 2 లక్షల 60 వేలు. చెరువు పాట పాడుకున్నది మత్స్యకారుల సహకార సంఘం, కాబట్టి అది సంఘానిది. చివరి ఆయకట్టు 40 ఎకరాల్లో ఎకరానికి రెండు బస్తాల దిగుబడి తగ్గింది. బస్తా 1,600 చొప్పున 1 లక్షా 28 వేలు. రజకుల రేవు పాడై 18 కుటుంబాలు రెండు కిలోమీటర్ల అవతలకి ఆటోలో బట్టలు మోసుకెళ్తున్నాయి. అది, పశువుల నీళ్ల ఇబ్బంది కలిపి మరో 1 లక్షా 20 వేలు. మొత్తం 5 లక్షల పైచిలుకు. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకి, అంటే తేటపరిచే తొట్టి, గాలి తగలని తొట్టి, తర్వాత గాలి కొట్టే తొట్టి, వీటికి వాయిదాలూ నడిపే ఖర్చూ కలిపి ఏడాదికి మూడున్నర లక్షలు.

కాబట్టి ప్లాంటు పడితే అందరికీ కలిపి ఏడాదికి లక్షన్నర మిగులు. బూడిద తగువులో మిగిలిన దానికంటే చాలా ఎక్కువ. పుస్తకం ప్రకారం ఇది ఇంకా సులువుగా తేలాలి.

మొదట బేరం నా వెనకాలే జరిగిపోయింది. షావుకారు ఊరి పెద్దల్ని పిలిచి, కోవెల ప్రహరీకి లక్షన్నర ఇస్తానన్నాడు. పెద్దలు సరేనన్నారు. తీర్మానం రాసి యాభై చిల్లర సంతకాలు పెట్టించారు. నేను ఆ కాగితం తీసుకుని ఆయకట్టు పటం పక్కన పెట్టి చూశాను. సంతకాలు పెట్టిన వాళ్లలో ఎక్కువమంది పొలాలు ఇంకో తూము కింద ఉన్నాయి. కుడితి అక్కడికి పోదు. వాళ్లకి నష్టం లేదు, ప్రహరీ మాత్రం వస్తుంది. నష్టపోయిన చేపలవాళ్లని, చివరి మళ్ల వాళ్లని, రేవు వాళ్లని ఎవరూ పిలవలేదు. బేరం జరిగింది, చవగ్గా జరిగింది, తప్పు మనుషులతో జరిగింది. బేరం ఖర్చు ఎక్కువగా ఉన్నచోట మనుషులు బేరం మానేయరు. ఎవరితో సులువో వాళ్లతో ఆడేసి, అయిపోయిందంటారు.

సంఘం ప్రెసిడెంటు ఒప్పుకోలేదు. షావుకారు ఆయనతో అన్నమాట: "చేపలు నా నీళ్ల వల్లే చచ్చాయని ఏమిటి రుజువు? మబ్బు పట్టిన రోజుల్లో ఏ చెరువులోనైనా తేల్తాయి." ఆ మాటలో నిజముంది. చెరువులో పచ్చటి పాచి పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. నాలుగు రోజులు ఎండ లేకపోతే తెల్లవారుజామున ఏ చెరువులోనైనా చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి.

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితుణ్ణి తీసుకుని తెల్లవారుజామున ఐదింటికి గట్టు మీదకి వెళ్లాను. మూతి బిగుసుకునే గాజు సీసాల్లో నీళ్లు పట్టి, అందులో మాంగనీస్ సల్ఫేట్, తర్వాత క్షారం కలిసిన అయొడైడ్ ద్రావణం వేశాడు. అడుగున బురదలా కట్టేది గోధుమరంగుకి తిరిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. అలుగు వైపు సీసా గోధుమరంగుకి తిరిగింది. మిల్లు కాలువ కలిసే చోటి సీసాలో మజ్జిగ విరిగినట్టు తెల్లగా కూర్చుంది. ప్రెసిడెంటు ఆ రెండు సీసాలూ చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

అయినా అది రుజువు కాదు. మిల్లు ఆగిన వారంలో కూడా అదే చోట చూడాలి, అప్పుడే మబ్బు వాదన పోతుంది. మిల్లు ఎప్పుడు ఆగుతుందో, తొట్లు ఎప్పుడు ఖాళీ చేస్తుందో తెలిసింది షావుకారు ఒక్కడికే. ఖాళీ చేసేది రాత్రుళ్లు. నష్టాన్ని కొలవడానికే అవతలి పక్షం సహకారం కావాలి. ఆ సహకారానికి ఇంకో బేరం. బూడిద తగువులో నష్టాన్ని కొలిచింది నా చూపుడువేలు, పైసా ఖర్చు లేకుండా.

ఇక సంతకాల సంగతి. అప్పటికి నాకు ఒక అలవాటు పడింది. బేరానికి కూర్చునే ముందు ఎన్ని సంతకాలు కావాలో రాసుకోవడం. ఇక్కడ ఆ తూము కింద మొత్తం 64 మంది పట్టాదారులు, 23 మంది కౌలుదారులు, 18 రజక కుటుంబాలు, ఒక సంఘం. మొత్తం 106. మిగులు లక్షన్నరని 106తో భాగిస్తే మనిషికి ఏడాదికి 1,500 లోపు. ఒక సంతకానికి మూడుసార్లు తిరగాలి. ప్రతిసారీ వాళ్లకి ఒక పూట కూలీ పోతుంది, నాకు పెట్రోలు పోతుంది. సంతకం ఖరీదు సంతకం విలువని మింగేస్తోంది.

మిగులు ఏటా వస్తుంది కదా, సంతకం ఒక్కసారే కదా అనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఈ ఒప్పందానికి ఆయుష్షు అందరిలోకీ తక్కువ గడువున్న హక్కుదారుకి ఎంత ఉందో అంతే. కౌలుదారుకి వచ్చే ఏడు అదే మడి దొరుకుతుందని లేదు. రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డుకి గడువు 11 నెలలు, దానికీ భూమి యజమాని సంతకం కావాలి. నష్టం భరించేది కౌలుదారు, పట్టాలో పేరున్నది యజమాని. ఆ యజమాని విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటాడు. మిల్లు నష్టపరిహారం ఎవరికివ్వాలి? ఒకరికిస్తే ఇంకొకరు కేసు వేస్తారు. హక్కు ఎవరిదో తెలిసి ఉండాలన్నది కోస్ లెక్కకి మొదటి మెట్టు. ఆ మెట్టే ఇక్కడ లేదు.

నేను బల్లని చిన్నది చేయడానికి చూశాను. చేపల నష్టం, చివరి 40 ఎకరాల నష్టం కలిపితేనే 3 లక్షల 88 వేలు. అదొక్కటే ప్లాంటు ఖర్చుని దాటిపోతోంది. సంఘంలో యాభై మంది సభ్యులున్నా తీర్మానం చేస్తే సంతకం ఒక్కటే. ఆ 40 ఎకరాలూ 17 మందివి. అంటే 106 బదులు 18 సంతకాలు. ఇది చేయగలిగే పని. షావుకారు కూడా దారికొచ్చాడు: ప్లాంటు పెడతాను, గడిచిన రెండేళ్ల నష్టం అడక్కూడదు, ఎవరూ కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లకూడదు.

ఆ చివరి షరతే మెడకి చుట్టుకుంది. 17 మంది ఒప్పుకున్నా పద్దెనిమిదోవాడు ఫిర్యాదు చేస్తే షావుకారుకి ఒప్పందం వల్ల ఒరిగేది లేదు. అందుకని అందరి సంతకాలూ కావాలన్నాడు. అందరివీ కావాలని ఊళ్లో తెలిసిన రోజు నుంచి చివరి సంతకం ధర పెరగడం మొదలైంది. పంపకం కాని పట్టా ఒకటి ముగ్గురు అన్నదమ్ములది. ఇద్దరు పెట్టారు. మూడో అతను, "అందరికీ ప్లాంటు. నా సంతకానికి విడిగా యాభై వేలు" అన్నాడు. అతని వాటాకి వచ్చిన అసలు నష్టం ఏడాదికి 3,000 దాటదు. అతను చెడ్డవాడేం కాదు. తన చేతిలో ఉన్నది తాళంచెవి అని అతనికి తెలిసింది, అంతే. అతని మాట విని సంతకం పెట్టిన ఒకరు వెనక్కి తీసుకున్నారు. 13 దగ్గర ఆగిపోయాం.

అప్పుడు ఊరు రెండో దారి పట్టింది. చందాలు వేసుకుని కేసు వేద్దామన్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010లో వచ్చింది. దాని 15వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు. మనకి వర్తించే దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పరీక్షలు, రానుపోను ఖర్చులు, అక్కడి వకీలు కలిపి లక్షా ఇరవై వేలు అంచనా. పోగైంది 23,500. అందులో సగం పైన సంఘానిదే. చివరి మళ్ల రైతు ఒకతను నాతో దాపరికం లేకుండా చెప్పాడు: "సేపలోళ్లకి నట్టం ఎక్కువ కదండి, ఆళ్లెలాగూ ఏస్తారు. ఆళ్లు గెలిస్తే మా మళ్లకీ మంచినీళ్లే కదా." తప్పు పట్టడానికేం లేదు. నీళ్లు శుభ్రమైతే చందా ఇచ్చిన మడికీ ఇవ్వని మడికీ ఒకేలా శుభ్రం అవుతాయి.

గమనించండి, రోగం రెండు రూపాల్లో వచ్చింది. అందరూ ఒప్పుకుంటేనే పని జరుగుతుందన్నప్పుడు ఒక్కడు మొండికేస్తాడు. ఎవరో కొందరు ఖర్చు పెడితే చాలన్నప్పుడు ప్రతివాడూ పక్కవాడి వైపు చూస్తాడు. హక్కుని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చినంత మాత్రాన వైద్యం అవదు. ఒక రోగం పోయి ఇంకోటి వస్తుంది.

నిజానికి హక్కు ఎవరిదో చట్టంలో స్పష్టంగానే ఉంది. 1974 నాటి నీటి కాలుష్య చట్టం ప్రకారం ప్రమాణాలు దాటిన నీళ్లు చెరువులోకి వదలకూడదు. ఆ హక్కు దానంతటది అమలైపోతే అసలు బేరమే అక్కర్లేదు. షావుకారు ఐదు లక్షల పరిహారం కంటే మూడున్నర లక్షల ప్లాంటే మేలని తనే పెట్టుకునేవాడు. ఒక్క సంతకం కూడా అవసరం లేదు. బేరం ఖరీదైన చోట, నష్టాన్ని తక్కువ ఖర్చుతో ఆపగలిగేవాడి మీదే మొదట్లోనే బరువు పెట్టమని న్యాయశాస్త్రంలో గైడో కాలబ్రేసీ లాంటివాళ్లు అన్నది ఇందుకే. కానీ హక్కుని అమలు చేయించుకోవడం కూడా ఒక ఖర్చే, అది ఊరి మీద పడింది. కాగితం మీద హక్కు ఊరిది, కాలువ మీద హక్కు మిల్లుది.

ముడి విప్పింది నేను కాదు. చివరి మడి కౌలుదారు ఒకతను, తొమ్మిదో తరగతి చదివే కూతురి చేత ఒక పేజీ రాయించి, కాలుష్య నియంత్రణ మండలికి రిజిస్టరు పోస్టులో పంపాడు. ఫోటోలు రెండు జతచేశాడు. అతనికైన ఖర్చు వంద రూపాయల లోపు. కొలవడం, నోటీసివ్వడం, భయపెట్టడం, ఈ ఖర్చులన్నీ మండలి నెత్తిన పడ్డాయి. అక్కడికీ ఏడు నెలలు పట్టింది. తనిఖీకి వచ్చినవాళ్లు పట్టిన నమూనాలో బీఓడీ, అంటే నీళ్లలోని తిండి తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత, పరిమితి కంటే చాలా రెట్లు ఉంది. నోటీసు, జవాబు, మళ్లీ నోటీసు. చివరికి ఆ నీటి చట్టంలోనే 33ఏ సెక్షన్ కింద మూసివేత ఉత్తర్వు, కరెంటు కట్. 19 రోజుల తర్వాత ప్లాంటు పని మొదలుపెట్టి, హామీ రాసిచ్చి తెరుచుకున్నారు.

ఇంతవరకూ చదివి, చూశావా, బేరం పనికిరాదు, ప్రభుత్వమే దిక్కు అనుకునేవాళ్లకి ఆ 19 రోజుల గురించి చెప్పాలి. అవి కోతలైన వెంటనే వచ్చిన రోజులు. ముప్ఫై మంది కళాసీలకి ఏడాది మొత్తంలో బాగా కూలీ దొరికే రోజులు. వాళ్లు నా 106లో లేరు, మండలి ఫైల్లోనూ లేరు. ధాన్యం కొనేవాడు లేక చిన్న రైతులు పక్క ఊరి మిల్లుకి తక్కువకి అమ్ముకున్నారు.

ఇంకో సంగతి. నీళ్లు చెరువులోకో కాలువలోకో వదిలితే బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అదే నీటిని పొలానికి పారిస్తే 100 దాకా పర్వాలేదు. షావుకారుకి మిల్లు వెనకాల ఆరెకరాల సరుగుడు తోట ఉంది. నీళ్లు అటు మళ్లిస్తే గాలి కొట్టే తొట్టి సగం సైజు చాలు. ఈ మాట మండలి ఉత్తర్వులో లేదు, ఉండదు కూడా. ఆ తోట సంగతి షావుకారుకి తెలుసు, ప్రమాణాల సంగతి ఇంజనీరుకి తెలుసు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టడం మాత్రం నాకు చేతనైంది. పైపు ఒక రైతు గట్టు దాటాలి. ఆ ఒక్కడితో బేరం ఒక సాయంత్రంలో అయిపోయింది. ఒక్కడే కాబట్టి.

కోస్ అన్నది కూడా ఇదే. బేరం ఖర్చులు సున్నా అనుకున్న లోకాన్ని కోస్ లోకం అని పిలవడం ఆయనకే నచ్చేది కాదు. ఆయన ఆ ఊహా లోకాన్ని చూపించింది మనం దాంట్లో ఉన్నామని చెప్పడానికి కాదు, బేరం ఖర్చులే అసలు సంగతని చూపించడానికి. బజారుకీ ఖర్చుంది, కోర్టుకీ ఉంది, సర్కారుకీ ఉంది, ఏమీ చేయకుండా ఊరుకోవడానికీ ఉంది. వీటిలో ఏది తక్కువో ప్రతి తగువులోనూ విడిగా లెక్కెయ్యాలి.

అంకెలు వేరుగా ఉండి ఉంటే నా సలహా కూడా మారేది. ప్లాంటుకి ఏడాదికి మూడున్నర కాక ఎనిమిది లక్షలు అయ్యేదనుకోండి. అప్పుడు ఐదు లక్షల నష్టం కట్టిస్తూ మిల్లు నడవనివ్వడమే అందరికీ మేలు. కానీ ఊరికి అడ్డుకునే హక్కు మాత్రమే ఇస్తే మిల్లు 106 మందిని కొనాలి. మూడో తమ్ముడు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాడు. అలాంటప్పుడు అడ్డుకునే హక్కు కంటే, ట్రిబ్యునల్ రేటు కట్టి ఇప్పించే పరిహార హక్కు మంచిది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ తేడాని కాలబ్రేసీ, మెలమెడ్ 1972లో విడమరిచి చెప్పారు. దాని లోపం కూడా మన ఊళ్లోనే కనబడుతుంది. ఆ రేటు కట్టడానికి నష్టం ఎంతో తెలియాలి, అంటే మళ్లీ ఆ గాజు సీసాల దగ్గరికే రావాలి.

మొన్న వేసవిలో అటు వెళ్లినప్పుడు అప్పడాల పాక చూశాను. పాలిథిన్ ఒకసారి మార్చారు. ఒప్పందం మూడో ఏడులో పడింది, పది వేలు సక్రమంగానే అందుతున్నాయి. చెరువు గట్టు మీద సంఘం ప్రెసిడెంటు కనిపించాడు. నీళ్లు ఎలా ఉన్నాయంటే బాగున్నాయన్నాడు. చేప కూడా బాగా పెరుగుతోందట. మరి మొహం ఎందుకలా ఉందని అడిగాను.

"నీళ్లు బాగుపడ్డాయని ఊరంతా తెలిసిపోనాది కదా బాబూ. ఈ ఏడు పాటకి పక్కూరి వాళ్లూ వచ్చినారు. నిరుటి కంటే రెండు లక్షలు ఎక్కువెట్టి పాడుకున్నాం. మాకు మిగిలిందేటో ఇంకా లెక్కెయ్యలేదు."

ఆ రెండు లక్షలూ పంచాయతీకి వెళ్తాయి. నా 106 సంతకాల జాబితాలో పంచాయతీ పేరు లేనే లేదు.